చెప్పిన గొంతుకు చిరునామా

ఊరి పెద్దల దగ్గర రికార్డు చేసిన జ్ఞాపకాన్ని గానీ, పాడించుకున్న కథను గానీ ఒక రచనలో ఆధారంగా చూపేటప్పుడు ఐదు సంగతులు తెలియాలి. ఎవరు చెప్పారు, ఎవరు అడిగి రికార్డు చేశారు, ఎప్పుడు ఎక్కడ చేశారు, ఆ రికార్డింగు ఇప్పుడు ఏ ఆర్కైవులో ఏ నమోదు సంఖ్య కింద ఉంది, దాన్ని ఎంతవరకు వాడుకోవచ్చని చెప్పినవాళ్లు ఒప్పుకున్నారు. మొదటి మూడింటిని చాలామంది ఎలాగో రాస్తారు. చివరి రెండే ఎక్కువసార్లు జారిపోతాయి. అవి లేకపోతే ఆ ఆధారాన్ని ఇంకొకరు వెతికి సరిచూసుకునే దారి ఉండదు.

అచ్చయిన పుస్తకంతో ఈ ఇబ్బంది లేదు. రచయిత, ప్రచురణ సంవత్సరం, పుట సంఖ్య ఇస్తే ఏ గ్రంథాలయంలోనైనా అదే పుట దొరుకుతుంది. పైగా రచయిత దాన్ని నలుగురూ చదవాలనే అచ్చు వేయించాడు కాబట్టి మళ్లీ అనుమతి అడిగే పని లేదు. రికార్డింగుకు పుటలుండవు, చాలాసార్లు ప్రతులూ ఉండవు. చెప్పిన మనిషి తన ఇంటి అరుగు మీద ఒక్కరితో మాట్లాడిన మాట అది. ఆ మాట ఊరందరికీ తెలియడానికి ఒప్పుకున్నారా లేదా అన్నది విడిగా అడిగి తెలుసుకోవలసిందే.

తెలుగులో ఈ పనికి మంచి ఉదాహరణ 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్ల మాటలను రికార్డు చేసి, స్త్రీశక్తి సంఘటన ఈ పుస్తకం తెచ్చింది. దీని ఆంగ్లరూపం 1989లో వెలువడింది. అందులో ఒక స్త్రీ చెప్పిన మాటను ఇవాళ ఎవరైనా ఉదాహరిస్తే, వాళ్లు చూపవలసిన ఆధారం రికార్డింగు కాదు, ఆ పుస్తకమే. చెప్పిన స్త్రీ పేరు ముందు రాసి, ఏ పుస్తకంలో ఏ పుటలో ఉందో చూపాలి. టేపు వినకుండా టేపును విన్నట్టు రాయకూడదు. మాట టేపు నుంచి కాగితానికి ఎక్కే దారిలో ఎంపిక జరుగుతుంది, కుదింపు జరుగుతుంది, ప్రశ్నలు తొలగిపోతాయి. ఆ మార్పులకు బాధ్యత సంపాదకులది. కేవలం ముద్రిత రూపాన్ని చదివినవాడు ఆ సంగతి ఒప్పుకోవడం న్యాయం.

ఆధారం రాసే పని నిజానికి రికార్డరు మీట నొక్కినప్పుడే మొదలవుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ముందుగా తామే మైకులో కొన్ని మాటలు చెబుతారు. ఈ రోజు తేదీ, ఊరు, ఎదురుగా ఉన్న వారి పేరు, తమ పేరు, పక్కన ఇంకెవరున్నారు అన్నవి అందులో ఉంటాయి. కాగితాలు పోయినా, ఫైలు పేరు మారినా ఈ సమాచారం గొంతుతోపాటే ఉండిపోతుంది. పక్కన ఉన్నవాళ్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. కోడలు వింటుండగా అత్తగారు చెప్పిన కథ, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పిన కథ ఒకేలా ఉండవు. ఫైలు విషయంలో ధ్వని ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం, ఐఏఎస్ఏ, సూచించే కనీస ప్రమాణం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలు. ఫోనులో చేసిన ఎంపీ3 పనికిరాదని కాదు. ఉన్నది అదొక్కటే అయితే అదే మూలం, దాన్నే దాచాలి. కానీ కుదించి వాట్సాప్‌లో పంపుకున్న నకలును మూలంగా చూపకూడదు.

ఊరి పేరు దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తెలంగాణ పోరాటం నాటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. తర్వాత వరంగల్ జిల్లాలోకి వచ్చింది. 2016 నుంచి జనగామ తానే ఒక జిల్లా. ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు 1985లో వచ్చాయి, జిల్లాలు 2022లో మళ్లీ మారాయి. 1990లలో చేసిన రికార్డింగుకు ‘వరంగల్ జిల్లా’ అని రాసి ఉంటే, అది తప్పు కాదు. రికార్డింగు నాటి పరిపాలనా విభాగాన్ని అలాగే ఉంచి, ఇప్పటి జిల్లాను పక్కన చేర్చడం సరైన పద్ధతి. పాతదాన్ని కొట్టేసి కొత్తది రాస్తే, ఆర్కైవు జాబితాలో ఆ పేరుతో వెతికేవాడికి ఏమీ దొరకదు.

ఇక అనుమతి. చాలామంది దీన్ని ఒక సంతకంగా చూస్తారు. నిజానికి ఇది నాలుగైదు వేర్వేరు ప్రశ్నల మూట. రికార్డు చేయవచ్చా? దాచవచ్చా? రాసుకున్న దాంట్లోంచి మాటలు ఉదాహరించవచ్చా? పేరు వేయవచ్చా? గొంతును ఇతరులకు వినిపించవచ్చా? ఒక పెద్దాయన మొదటి మూడింటికీ సరే అని, నాలుగోదానికి వద్దనవచ్చు. పేరు వేయమని, గొంతు మాత్రం తాను పోయిన తర్వాతే వినిపించమని అడిగేవాళ్లూ ఉంటారు. అందుకే అంగీకార పత్రంలో ఒక్కొక్కటీ విడిగా అడగాలి. చదువు రానివారికి పత్రం మీద వేలిముద్ర వేయించడం కంటే, ఆ ప్రశ్నలనే వాళ్ల మాటల్లో అడిగి, జవాబులను రికార్డింగులోనే ఉంచడం మేలు. వేలిముద్ర ఏదో కాగితాన్ని తాకిందని మాత్రమే చెబుతుంది. ‘నా పేరు రాసుకో, కానీ మా తమ్ముడి సంగతి రాయొద్దు’ అన్న గొంతు ఏది ఎంతవరకో చెబుతుంది.

ఆ తమ్ముడి సంగతి ముఖ్యం. జ్ఞాపకం చెప్పే మనిషి తన గురించే కాక ఇరుగుపొరుగు గురించీ మాట్లాడతారు. వాళ్లెవరూ అంగీకార పత్రం మీద సంతకం చేయలేదు. ‘ఇది రాయొద్దు’ అని మధ్యలో అన్న చోటును నిమిషాలతో సహా గుర్తించి, ఆ భాగాన్ని వినేవారికి ఇవ్వకుండా మూసి ఉంచడం ఆర్కైవులు చేసే పని. ఆధారం రాసేవాడు కూడా ఆ మూసిన భాగం జోలికి పోకూడదు, తాను స్వయంగా అక్కడ కూర్చుని విన్నా సరే.

అనుమతి పత్రంలో ఇచ్చిన మాట నిలబెట్టుకోగలిగినదై ఉండాలి. దీనికి చేదు ఉదాహరణ అమెరికాలోని బోస్టన్ కాలేజీ చేపట్టిన బెల్‌ఫాస్ట్ ప్రాజెక్టు. ఉత్తర ఐర్లండ్ సాయుధ ఘర్షణల్లో పాల్గొన్న ఇరుపక్షాల వారి జ్ఞాపకాలను 2001 నుంచి 2006 దాకా రికార్డు చేశారు. మీరు బతికి ఉండగా ఇవి బయటికి రావని వాళ్లకు చెప్పారు. 2011లో ఉత్తర ఐర్లండ్ పోలీసుల కోరిక మీద అమెరికా ప్రభుత్వం ఆ రికార్డింగులను కోర్టు ద్వారా అడిగింది. న్యాయ పోరాటం తర్వాత కొన్నింటిని అప్పగించక తప్పలేదు. చట్టం అనుమతించినంత మేరకే ఈ గోప్యత అన్న షరతు, జ్ఞాపకాలు చెప్పినవాళ్లు సంతకం చేసిన పత్రంలో లేకపోవడమే అసలు లోపం. భూ తగాదాలు, కులఘర్షణలు, ఉద్యమ కాలపు హత్యల గురించి మన దగ్గర రికార్డు చేసేవారికీ ఇది వర్తిస్తుంది. ‘ఎవరికీ చెప్పం’ అని హామీ ఇవ్వడం కంటే, కోర్టు అడిగితే ఇవ్వవలసి రావచ్చని ముందే చెప్పడం నిజాయితీ.

పాట, కథాగానం విషయానికి వస్తే చట్టం ఇంకో మాట కూడా చెబుతుంది. భారత కాపీరైటు చట్టం 1957 ప్రదర్శకుల జాబితాలో నటులు, గాయకులతోపాటు గారడీవాళ్లను, పాములాడించేవాళ్లను కూడా పేర్కొంది. ప్రదర్శకుల హక్కు, ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం మొదలు 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ తర్వాత, ఆ ప్రదర్శన తనదేనని గుర్తింపు కోరే హక్కు కూడా ప్రదర్శకుడికి వచ్చింది. కాబట్టి బుర్రకథ చెప్పిన మనిషి పేరు వదిలేసి ‘జానపదం’ అని రాయడం మర్యాద తప్పడం ఒక్కటే కాదు.

ఆర్కైవు వివరం దగ్గర ప్రాథమికమైన తేడా ఒకటి గుర్తుంచుకోవాలి. ఇతరులు వెళ్లి వినగలిగే రికార్డింగు ఒకటి, పరిశోధకుడి బీరువాలో ఉన్నది ఇంకొకటి. ప్రపంచమంతా వాడే ఏపీఏ పద్ధతి ఈ రెంటినీ వేరుగా చూస్తుంది. ఆర్కైవులో దొరికేదానికి గ్రంథసూచిలో పూర్తి పద్దు రాస్తారు. దొరకనిదాన్ని వ్యక్తిగత సంభాషణగా వాక్యం మధ్యలోనే చెప్పి వదిలేస్తారు, సూచిలో చేర్చరు. కెనడాలో గ్రంథాలయ నిపుణురాలు, జేమ్స్ స్మిత్ క్రీ నేషన్‌కు చెందిన లోరీసియా మెక్‌లియోడ్ దీన్ని తప్పుపట్టారు. తరతరాల విజ్ఞానాన్ని చెప్పిన పెద్దల మాట ఫోను కబురుతో సమానమైపోతోందన్నది ఆమె అభ్యంతరం. పెద్దల పేరు, వాళ్ల జాతి లేదా సముదాయం, ఆ నేలకు సంబంధించిన ఒప్పందం, నివాసం, చెప్పిన విషయం, తేదీ వరుసగా వచ్చేలా ఆమె ఒక నమూనా తయారుచేశారు. 2021లో ప్రచురించారు. దాని ప్రకారం పెద్దల పేరు సూచిలో పుస్తక రచయితల పక్కనే నిలుస్తుంది. ఆ వాదన మనకూ సరిపోతుంది, అక్కడి నేల ఒప్పందాల గడి మాత్రం ఇక్కడ ఖాళీ. దాని స్థానంలో ఆ మనిషి కథను ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాస్తే మనకు ఉపయోగం.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుంటే ఇదంతా ఎలా ఒక చోటికి వస్తుందో తెలుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మీద ఒక పరిశోధకురాలు పనిచేస్తోందనుకుందాం. కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలో 71 ఏళ్ల మత్స్యకార మహిళను 2024 నవంబరు 23న కలిసింది. గంటా ఇరవై నిమిషాలు రికార్డు చేసింది. ఆ రాత్రి నీళ్లు ఇంట్లోకి ఎలా వచ్చాయో ఆమె నలభై ఒకటో నిమిషం దగ్గర చెప్పింది. ఉదాహరించడానికి ఒప్పుకుంది. పేరు వద్దంది, గొంతును 2034 దాకా ఎవరికీ వినిపించవద్దంది. పరిశోధకురాలు రికార్డింగును, అంగీకార పత్రాన్ని, రాతప్రతిని ఒక విశ్వవిద్యాలయ ఆర్కైవుకు ఇచ్చింది. వాళ్లు దానికి 2025/014/07 అని నమోదు సంఖ్య వేశారు. అప్పుడు ఆమె పాదసూచిక దాదాపు ఇలా ఉంటుంది:

వక్త 7 (కోరిక మీద పేరు గోప్యం), మత్స్యకార మహిళ, నాగాయలంక మండలం, కృష్ణా జిల్లా. 1977 ఉప్పెన జ్ఞాపకాలు. రికార్డు చేసినది వ్యాసకర్త, 23 నవంబరు 2024. ధ్వని ఫైలు, 00:41:10–00:43:55. దివిసీమ సేకరణ, నమోదు సంఖ్య 2025/014/07, (ఆర్కైవు పేరు, ఊరు). రాతప్రతి చదవవచ్చు, ధ్వని 2034 వరకు మూసి ఉంది.

మళ్లీ అదే ముఖాముఖిని చూపవలసి వస్తే ‘వక్త 7, 2025/014/07, 00:52:30’ చాలు. ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. రికార్డు చేసినది వ్యాసకర్తే అని తెలిస్తే, ప్రశ్నలడిగినదీ అర్థం చెబుతున్నదీ ఒక్కరేనని చదువరి గ్రహిస్తాడు. నిమిషాలు పుట సంఖ్య చేసే పని చేస్తాయి. చివరి వాక్యం ఆర్కైవుకు వెళ్లాలనుకునేవాడికి ముందే దారి చెబుతుంది.

ఇక్కడ ఊరి పేరు బదులు మండలం పేరే ఎందుకు ఉందో గమనించాలి. పేరు దాచి, ఊరు, వయసు, వృత్తి, ఇంట్లో ఎంతమంది పోయారన్న లెక్క అన్నీ రాస్తే, ఆ ఊళ్లో ఎవరికైనా ఆమె ఎవరో క్షణంలో తెలిసిపోతుంది. చిన్న ఊరిలో పేరు తీసేయడం ఒక్కటే గోప్యత కాదు. వయసు తీసేయాలా, ఊరిని మండలం దాకా పెంచాలా అన్నది ప్రతిసారీ ఆ రికార్డింగును బట్టి తేల్చుకోవాలి. కల్పిత పేరు పెట్టడం కంటే సంఖ్య పెట్టడం మేలన్నది ఈ వ్యాసం అభిప్రాయం. కల్పిత పేరు కులాన్ని, మతాన్ని, ప్రాంతాన్ని తనతో మోసుకొస్తుంది. పైగా కొన్నేళ్లకు అది నిజమైన పేరనుకుని ఇంకెవరో ఎత్తిరాస్తారు. అలాగని గోప్యతే మంచిదని అనుకోవడమూ పొరపాటే. చాలామంది పెద్దలు తమ పేరు అచ్చులో చూసుకోవాలనుకుంటారు. అడగకుండా వాళ్లను ‘ఒక వృద్ధురాలు’గా మార్చేయడం వాళ్ల మాటను దోచుకోవడమే.

జానపద కథకు వచ్చేసరికి ఇంకో గడి పూరించాలి. ఇక్కడ చెప్పిన మనిషి కథకు కర్త కాదు, ఒక పాఠానికి కర్త. పల్నాటి వీరుల కథనే చూడండి. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద ఒకటుంది, దాన్ని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి అచ్చువేశారు. కారెంపూడిలో వీరుల తిరునాళ్లకు వీరవిద్యావంతులు పాడే పాఠాలు వేరు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘేర్ ఆలిశెట్టి గాలెయ్య పాడిన పాఠాన్ని రికార్డు చేసి, ఆంగ్లంలోకి తెచ్చి, 1982లో పుస్తకంగా ప్రచురించాడు. ఈ మూడింటిలో ఏది చూశారో చెప్పకుండా ‘పల్నాటి వీరచరిత్రలో ఇలా ఉంది’ అని రాస్తే, ఆ వాక్యాన్ని ఎవరూ సరిచూడలేరు. గాలెయ్య పాడినదాన్ని ఆధారంగా చూపేటప్పుడు గాయకుడి పేరు ముందు, రికార్డు చేసి అనువదించినవారి పేరు తర్వాత రావాలి. రోఘేర్ పేరొక్కటే ఉంటే కథ చెప్పింది ఆయనే అన్నట్టు ఉంటుంది.

కథ ఎక్కడ, ఏ సందర్భంలో పాడారన్నదీ ఆధారంలో భాగమే. తిరునాళ్లలో రాత్రంతా పాడినదానికీ, రికార్డరు ముందు కూర్చుని పగలు రెండు గంటల్లో చెప్పినదానికీ నిడివిలోనే కాదు, ఘట్టాల ఎంపికలోనూ తేడా ఉంటుంది. కొన్ని కథలకు వ్యక్తి అనుమతి ఒక్కటీ చాలదు. ఒక కులానికి లేదా గూడేనికి చెందిన కథను, దాన్ని పాడే హక్కు ఉన్న కుటుంబాలే పాడతాయి. వాళ్ల పెద్దలు కొన్ని ఘట్టాలను పూజ సమయంలో తప్ప పాడకూడదంటారు. అలాంటప్పుడు అంగీకారం ఎవరు ఇచ్చారో, ఏ షరతు మీద ఇచ్చారో కూడా పద్దులో ఒక వాక్యంగా రాయాలి.

తప్పులు ఎక్కువగా తేదీల దగ్గర దొర్లుతాయి. జరిగిన తేదీ, చెప్పిన తేదీ, రాతప్రతి తయారైన తేదీ, పరిశోధకుడు ఆర్కైవులో విన్న తేదీ, ఇవి నాలుగు. ఆధారానికి ప్రధానం చెప్పిన తేదీ. ఎందుకో ఇటలీ చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి పని చూపిస్తుంది. టెర్నీ పట్టణంలో లుయిజీ ట్రాస్టుల్లి అనే యువ ఉక్కు కార్మికుడు 1949 మార్చి 17న, నాటోకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. ఏళ్ల తర్వాత చాలామంది కార్మికులు పోర్టెల్లికి ఆ చావు 1953లో, ఉద్యోగాల తొలగింపు మీద జరిగిన పోరాటంలో సంభవించిందని చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. తమకు అంతకంటే పెద్ద గాయమైన ఏడాదికి ఆ చావును జరిపారు. చెప్పిన తేదీ తెలియకపోతే ఆ రికార్డింగును 1949కి సాక్ష్యంగా వాడతాం. తెలిస్తే, తర్వాతి దశాబ్దాల్లో ఆ కార్మికులు ఏం గుర్తుంచుకున్నారో చెప్పే సాక్ష్యంగా చదువుతాం. ‘ఉప్పెన ఆరు తాటిచెట్ల ఎత్తు వచ్చింది’ అన్న మాటనూ అలాగే చదవాలి. నీటి ఎత్తుకు వాతావరణ శాఖ నివేదిక చూడాలి, ఆ రాత్రి భయానికి ఆమె గొంతు వినాలి.

ఇంకో తప్పు నిమిషాల్లో ఉంటుంది. మూల ఫైలులో నలభై ఒకటో నిమిషం, దగ్గులూ ఫోను మోతలూ తీసేసిన ప్రతిలో ముప్పై ఎనిమిదో నిమిషం కావచ్చు. ఏ ప్రతిని విన్నారో చెప్పకపోతే వెతికేవాడికి మాట దొరకదు. దొరకకపోతే అసలు ఆ మాటే లేదనుకుంటాడు. రాతప్రతి నుంచి ఉదాహరించినప్పుడు యాసను సరిదిద్దడం కూడా తప్పే. ‘ఒచ్చినయ్’ అన్నదాన్ని ‘వచ్చినవి’ చేస్తే అది ఆ మనిషి మాట కాదు. చదువరికి కష్టమనిపిస్తే అర్థాన్ని పాదసూచికలో ఇవ్వవచ్చు, మాటను ముట్టకూడదు.

ఇంట్లో పాత క్యాసెట్లు, ఫోనులో తాతల మాటలు ఉన్నవాళ్లు చేయగలిగినది ఒకటుంది. చెప్పినవాళ్లు బతికి ఉంటే ఇప్పుడే వెళ్లి, ఎంతవరకు బయటపెట్టవచ్చో అడిగి, ఆ జవాబునూ రికార్డు చేయండి. వాళ్లు లేకపోతే వారసులను అడిగి, ఎవరు ఒప్పుకున్నారో రాసి పెట్టండి. తర్వాత మూల ఫైలును, ఆ కాగితాన్ని కలిపి, నమోదు సంఖ్య ఇచ్చి దాచే ఏదైనా విశ్వవిద్యాలయానికో ఆర్కైవుకో అందజేయండి. ఆ సంఖ్య మీ చేతికి వచ్చిన రోజు నుంచే వాళ్ల మాటను ఇంకొకరు ఆధారంగా చూపగలరు.